పిల్లల స్కూల్ ఇంటర్వ్యూకి ఒక్క రోజు సెలవు: ఎప్పుడు అడగాలి, ఎంత చెప్పాలి

మా అబ్బాయి ఎల్‌కేజీ అడ్మిషన్ అప్పుడు సెలవు కోసం మా మేనేజర్ గారికి నేను రాసిన మెయిల్ ఒక పేజీన్నర ఉంది. ఆ స్కూలు మా ఇంటికి ఎంత దగ్గరో, అక్కడ సీటు దొరకడం ఎంత కష్టమో, మా ఆవిడ ఆ స్కూలు మీద ఎన్ని ఆశలు పెట్టుకుందో అన్నీ రాశాను. గంట తర్వాత ఆయన నా సీటు దగ్గరికొచ్చి, “అంతా చదివానయ్యా. ఇంతకీ సెలవు ఏ రోజు?” అన్నారు. తేదీ రాయడం మర్చిపోయాను.

ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను. హైదరాబాదులో ఒక డిస్ట్రిబ్యూషన్ కంపెనీ అకౌంట్స్ విభాగంలో పన్నెండు మంది సెలవులు మంజూరు చేసేది నేనే. జూన్‌లో మొదలయ్యే నర్సరీ, ఎల్‌కేజీ సీట్లకు ఇక్కడ చాలా ప్రైవేటు స్కూళ్లు అంతకుముందు చలికాలంలోనే పిల్లల్ని పిలుస్తాయి. అందుకే నవంబరు వచ్చిందంటే ఈ సెలవు దరఖాస్తులు నా దగ్గర వరస కడతాయి. అవతలి పక్క నుంచి చూస్తే ఏది పని చేస్తుందో, ఏది చిరాకు తెప్పిస్తుందో బాగా తెలుస్తుంది. మా టీములో ఒకతను పోయినేడాది ఎలా అడిగాడో పట్టుకుని చెప్తాను. వాళ్ల పాపకి నవంబర్ 18, మంగళవారం ఉదయం పదింటికి ఇంటర్వ్యూ వచ్చింది.

1. ముందు స్కూలుకి ఫోన్ చేయండి, ఆఫీసుకి కాదు

స్కూలు నుంచి మెసేజ్ రాగానే కంగారుగా సెలవు పెట్టేయకండి. ఆ మెసేజ్‌ని రెండుసార్లు చదవండి. చాలా స్కూళ్లు దాన్ని ‘ఇంటర్వ్యూ’ అనవు, ‘ఇంటరాక్షన్’ అంటాయి. దానికో కారణముంది. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం అడ్మిషన్ ఇచ్చేటప్పుడు పిల్లల్నిగానీ తల్లిదండ్రుల్నిగానీ పరీక్షించి వడపోయకూడదు. అలా చేస్తే మొదటిసారి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా ఉంది. అందుకని పేరు మార్చారు. మనం ఇంట్లో మాత్రం ఇంటర్వ్యూ అనే అంటాం. సెలవు చీటీలో ఏ మాట రాయాలంటే, స్కూలు మెసేజ్‌లో ఏ మాట ఉంటే అదే రాయండి. రేపు ఎవరైనా మెసేజ్ చూపించమంటే రెండూ ఒకలాగే ఉంటాయి.

తర్వాత స్కూలు ఆఫీసుకి ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కోండి. తల్లిదండ్రులిద్దరూ తప్పనిసరిగా రావాలా, ఒకరు సరిపోతారా? శనివారం స్లాట్ ఉందా? ఇంటరాక్షన్‌తో పాటు అదే రోజు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూడటం, ఫీజు కట్టించుకోవడం లాంటివి ఉన్నాయా?

మొదటి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. “ఇద్దరూ రావాలి” అని స్కూలు చెబితే మీ ఉత్తరంలో ఆ ఒక్క ముక్కే సగం పని చేసేస్తుంది. “మీ ఆవిడ వెళ్తే సరిపోదా?” అనే ప్రశ్న ఇక మేనేజర్ నోట రాదు. రెండో ప్రశ్న మొహమాటపడకుండా అడగండి. శనివారం ఆఫీసు లేనివాళ్లకి అసలు సెలవే అక్కర్లేకుండా పోవచ్చు. మా వాడు అడిగితే శనివారం స్లాట్లు అయిపోయాయన్నారు. అది కూడా పనికొచ్చింది, ఎలాగో తర్వాత చెప్తాను.

2. పూట చాలా, రోజంతా కావాలా

ఇంటరాక్షన్ జరిగేది పది, పదిహేను నిమిషాలే. ఆ లెక్కన చాలామంది “రెండు గంటలు పర్మిషన్ ఇవ్వండి సర్, పన్నెండింటికల్లా వచ్చేస్తాను” అంటారు. తర్వాత పదకొండున్నరకి ఒక ఫోన్, ఒంటిగంటకి ఇంకో ఫోన్. నాకు చిరాకు తెప్పించేది ఇదే. రోజంతా సెలవు పెట్టినా నాకు ఇబ్బంది లేదు. వస్తాడో రాడో తెలియని మనిషితోనే కష్టం.

నిజంగా ఆ రోజు ఎలా గడుస్తుందో చూడండి. పదింటి స్లాట్ అంటే తొమ్మిదిన్నరకల్లా అక్కడుండాలి. నాలుగేళ్ల పాపని లేపి, స్నానం చేయించి, నాలుగు ముద్దలు తినిపించి, ట్రాఫిక్‌లో తీసుకెళ్లాలి. ముందు స్లాట్లు ఆలస్యమైతే మీ వంతు పదకొండుకి వస్తుంది. తర్వాత సర్టిఫికెట్ల కౌంటర్ దగ్గర మరో లైను. అక్కడ జనన ధ్రువపత్రంలో పేరు ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉందని పక్కన కూర్చోబెడితే మధ్యాహ్నం అవుతుంది. అంతా అయ్యాక పాపని ఇంటి దగ్గర దింపి రావాలి కదా.

నా లెక్క ఇది. స్కూలు మీ ఆఫీసుకి దగ్గర, పాపని ఇంటికి తీసుకెళ్లడానికి వేరే మనిషి ఉన్నారు, స్లాట్ పొద్దున్నే ఉంది అనుకుంటే పూట సెలవు చాలు. ఈ మూడిట్లో ఏ ఒక్కటి లేకపోయినా రోజంతా పెట్టేయండి. ఒకవేళ పని తొందరగా అయిపోయి మధ్యాహ్నం ఆఫీసుకి వస్తే ఎవరూ కాదనరు.

ఇంకో మాట. సీటు వస్తే ఫీజు కట్టడానికి స్కూళ్లు ఎక్కువ గడువు ఇవ్వవు. ఆన్‌లైన్‌లో కట్టొచ్చో, మళ్లీ రావాలో ఇప్పుడే కనుక్కోండి. మళ్లీ వెళ్లాల్సి వస్తే వారంలోపు రెండో సెలవు అడగాల్సి వస్తుంది. ఆ సంగతి మేనేజర్‌కి ఇప్పుడే చెవిన వేస్తే అప్పుడు ఇబ్బంది ఉండదు.

3. ఏ సెలవు కింద పెట్టాలి

క్యాజువల్ లీవ్, అదే సీఎల్. ఇలాంటి పనుల కోసమే అది ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ దుకాణాలు, సంస్థల ఉద్యోగులకు వర్తించే 1988 చట్టం కూడా ఏడాదికి పన్నెండు సీఎల్‌లు ఇస్తూ, సహేతుకమైన ఏ కారణానికైనా వాడుకోవచ్చని చెబుతుంది. పిల్లల అడ్మిషన్ అందులోకి రాకపోతే ఇంకేది వస్తుంది? అలాగని ఉత్తరంలో చట్టం పేరెత్తకండి. అడగడానికి వచ్చి దెబ్బలాడినట్టు ఉంటుంది.

సీఎల్ అయిపోయిందని సిక్ లీవ్ పెట్టేవాళ్లున్నారు. “జ్వరంగా ఉంది సర్” అని పొద్దున్నే మెసేజ్. మధ్యాహ్నానికి యూనిఫాం లాంటి కొత్త ఫ్రాకులో పాప, పక్కన అమ్మానాన్న, వెనక స్కూలు గేటు, వాట్సాప్ స్టేటస్‌లో ఫొటో! నేను ఒకసారి చూసీ చూడనట్టు ఊరుకున్నాను. కానీ ఆ మనిషికి తర్వాత నిజంగా జ్వరం వచ్చినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ ఫొటోయే. సీఎల్ లేకపోతే ఈఎల్ పెట్టండి, అదీ లేకపోతే జీతం కోత మీద అడగండి, లేదా ఒక శనివారం వచ్చి పని చేస్తానని చెప్పండి.

స్లాట్ సోమవారమో శుక్రవారమో పడితే మీ కంపెనీలో శాండ్‌విచ్ రూల్ ఉందేమో హెచ్‌ఆర్‌ని అడగండి. కొన్నిచోట్ల సెలవుకీ సెలవుకీ మధ్య పడిన ఆదివారాన్ని కూడా సెలవులో కలిపేస్తారు. ఒక్క సోమవారమే అయితే మామూలుగా ఇబ్బంది ఉండదు, శనివారం కూడా సెలవు పెట్టి ఉంటేనే తంటా.

ప్రభుత్వ ఉద్యోగులకైతే సంగతి కొంచెం వేరు. రెండు రాష్ట్రాల్లోనూ ఏడాదికి 15 సీఎల్‌లు, కేంద్ర ఉద్యోగులకు 8. డిసెంబరు 31 దాటితే మిగిలినవి మురిగిపోతాయి కాబట్టి, డిసెంబరులో ఇంటర్వ్యూ పడితే ఆలోచించక్కర్లేదు. “చైల్డ్ కేర్ లీవ్ ఉందిగా, పిల్లల చదువుకే కదా” అని కొందరు మహిళా ఉద్యోగులు అడుగుతుంటారు. చదువు అవసరాలకి వాడుకోవచ్చన్నది నిజమే. కానీ కేంద్ర నిబంధనల్లో దాన్ని మామూలుగా ఒక విడతకి ఐదు రోజులకు తక్కువ ఇవ్వరు. ఒక్క రోజు పనికి సీఎలే సుఖం.

4. రాసే ముందు నోటితో చెప్పండి

మెయిల్ పంపి ఊరుకోవడం కన్నా ముందు వెళ్లి ఒక్క నిమిషం మాట్లాడటం మన ఆఫీసుల్లో మర్యాద. కానీ ఏ నిమిషం అన్నది చూసుకోవాలి. మా వాడు తేదీ తెలిసిన రోజే రాలేదు. ఆ రోజు 10వ తారీఖు, మర్నాడు అమ్మకాల జీఎస్‌టీ రిటర్న్ జీఎస్‌టీఆర్-1 గడువు, అందరం తల మునకలుగా ఉన్నాం. 12వ తారీఖు పొద్దున టీ దగ్గర వచ్చి, “సర్, 18న పాప స్కూల్ ఇంటరాక్షన్ ఉంది. ఇద్దరూ రమ్మన్నారు. సెలవు కావాలి, మెయిల్ పెట్టమంటారా?” అన్నాడు.

నేను వెంటనే, “పద్దెనిమిదా? ఇరవైకి 3బి ఉంది కదా?” అన్నాను. ఏ అకౌంట్స్ మేనేజరైనా అదే అంటాడు. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లకి జీఎస్‌టీఆర్-3బి గడువు 20. దానికి రెండు రోజుల ముందు ఒక మనిషి తగ్గడమంటే నాకు గుండె గుభేలుమంటుంది. అతను ఆ ప్రశ్నకి సిద్ధపడే వచ్చాడు. “2బి పద్నాలుగున వస్తుంది సర్. కొనుగోళ్లతో సరిచూడటం పదిహేడు సాయంత్రానికల్లా పూర్తి చేసి మీకిస్తాను. పంతొమ్మిది పొద్దున నేనే ఫైలింగ్‌లో కూర్చుంటాను. శనివారం స్లాట్ అడిగాను, అయిపోయాయట” అన్నాడు. 2బి అంటే మాకు సరుకు అమ్మినవాళ్లు వేసిన రిటర్న్‌ల నుంచి జీఎస్‌టీ పోర్టల్ తయారుచేసే కొనుగోళ్ల పట్టిక.

ఇక నేను అనడానికేం మిగిలింది? స్కూలుకి ఫోన్ చేసి శనివారం అడిగాను అన్న ఒక్క మాటతో, ఈ మనిషి ఆఫీసు గురించి కూడా ఆలోచించాడని నాకు అర్థమైంది. “మెయిల్ పెట్టెయ్” అన్నాను.

మీ పని ఏదైనా ఇంతే. మీ మేనేజర్ నోటి నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఏమిటో మీకు ముందే తెలుసు. బ్యాంకులో అయితే కౌంటర్‌లో ఎవరు కూర్చుంటారు, స్కూల్లో అయితే ఆ పీరియడ్లు ఎవరు చూస్తారు, షిఫ్టు పని అయితే ఎవరితో మార్చుకున్నారు. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు పట్టుకెళ్లండి. పక్కవాళ్ల పేరు చెప్పేముందు వాళ్లని అడగడం మర్చిపోకండి. “ఆవిడ చూసుకుంటారు సర్” అని చెప్పి, ఆవిడకి తెలియకపోతే ఇద్దరి దగ్గరా పరువు పోతుంది.

5. ఉత్తరం

ముందు ఎలా రాయకూడదో చూద్దాం. నాకొచ్చినవాటిలోంచి కలిపి రాస్తున్నాను.

> గౌరవనీయులైన సర్, మీకు ఇబ్బంది కలిగిస్తున్నందుకు క్షమించండి. మా పాపకి ఒక చాలా మంచి స్కూల్లో ఇంటర్వ్యూ వచ్చింది. ఆ స్కూలు కోసం మేము రెండేళ్లుగా ప్రయత్నిస్తున్నాం. ఈసారి రాకపోతే మళ్లీ ఛాన్స్ లేదు. మా ఆవిడ చాలా టెన్షన్ పడుతోంది. కాబట్టి వచ్చే మంగళవారం నేను రావడం కుదరదు. దయచేసి అర్థం చేసుకోగలరు.

ఇందులో తప్పులు చూడండి. క్షమాపణతో మొదలైంది, తప్పేం చేశారని? సెలవు అడగడం తప్పు కాదు. ‘వచ్చే మంగళవారం’ అంటే ఏ మంగళవారమో, గురువారం చదివినవాడు ఒకటి అనుకుంటాడు, సోమవారం చదివినవాడు ఇంకొకటి అనుకుంటాడు. ఇంటి సంగతులు ఎక్కువయ్యాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇంత వినయంగా మొదలెట్టి చివరికి ‘రావడం కుదరదు’ అని తీర్మానం చెప్పేశారు. క్షమించమన్న మాటలో లేని మర్యాద, మంజూరు చేయమని అడగడంలో ఉంది.

మా వాడు పెట్టిన మెయిల్ ఇది. కొంచెం సవరించి ఇస్తున్నాను.

> సబ్జెక్ట్: ఒక రోజు సీఎల్ కోసం – నవంబర్ 18, మంగళవారం
>
> సర్,
>
> మా పాప ఎల్‌కేజీ అడ్మిషన్ ఇంటరాక్షన్ నవంబర్ 18, మంగళవారం ఉదయం ఉంది. తల్లిదండ్రులిద్దరూ హాజరు కావాలని స్కూలు వారు తెలిపారు. ఆ రోజుకి ఒక సీఎల్ మంజూరు చేయగలరని కోరుతున్నాను.
>
> 2బి సరిచూసే పని 17 సాయంత్రానికి పూర్తి చేసి మీకు అందజేస్తాను. 19 ఉదయం నుంచి 3బి ఫైలింగ్‌కి అందుబాటులో ఉంటాను. 18న అత్యవసరమైతే మధ్యాహ్నం రెండు తర్వాత ఫోన్‌లో దొరుకుతాను.
>
> ధన్యవాదాలు.

ఐదారు వాక్యాలు. కారణం మొదటి రెండు వాక్యాల్లోనే అయిపోయింది. స్కూలు పేరు లేదు, దాని అవసరమూ లేదు. స్కూలు పేరు రాస్తే కొన్ని ఆఫీసుల్లో మాట దాని ఫీజు మీదికి, అక్కడ్నుంచి మీ జీతం మీదికి పోతుంది! సీటు వస్తుందా రాదా అన్న ఊసు కూడా లేదు. తేదీ, వారం రెండూ ఉన్నాయి. ఒకటి తప్పు కొట్టినా రెండోది పట్టిస్తుంది.

చివరి వాక్యంలో ‘మధ్యాహ్నం రెండు తర్వాత’ అన్నది గమనించండి. ‘ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు’ అని రాస్తే, ప్రిన్సిపాల్ ఎదురుగా కూర్చున్నప్పుడే ఫోన్ మోగుతుంది. నాకు మోగింది, అందుకే చెప్తున్నాను.

మీ మేనేజర్‌తో చనువుంటే, ఆఫీసులో అంతా వాట్సాప్‌లోనే నడుస్తుంటే, ఇది చాలు:

> గుడ్ మార్నింగ్ మేడమ్. నవంబర్ 18 మంగళవారం మా పాప స్కూల్ అడ్మిషన్ ఇంటరాక్షన్, ఇద్దరం వెళ్లాలి. ఆ రోజు సీఎల్ ఇవ్వగలరా? పెండింగ్ పని 17కి పూర్తి చేసేస్తాను. మీరు సరేనంటే పోర్టల్‌లో పెడతాను.

ప్రభుత్వ కార్యాలయాల్లో, బడుల్లో కాగితం మీద రాసే ఉత్తరానికి వేరే పద్ధతి ఉంది. పైన ఎవరికి, ఎవరి నుంచి, విషయం రాసి, లోపల ఇలా:

> ఆర్యా,
>
> మా కుమార్తె పాఠశాల ప్రవేశానికి సంబంధించి తల్లిదండ్రులిద్దరూ 18-11 మంగళవారం నాడు హాజరు కావలసి ఉన్నందున, ఆ ఒక్క రోజు ఆకస్మిక సెలవు మంజూరు చేసి, హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్లుటకు అనుమతి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఆ రోజు నా తరగతులను తోటి ఉపాధ్యాయులు చూసుకొనుటకు అంగీకరించారు.
>
> ఇట్లు,
> భవదీయుడు

హెడ్‌క్వార్టర్స్ మాట పనిచేసే ఊరు దాటి వెళ్లేవాళ్లకే. ఖమ్మంలో ఉద్యోగం, హైదరాబాదులో ఇంటర్వ్యూ అయితే తప్పక రాయాలి, ఉన్న ఊళ్లోనే అయితే తీసేయండి. పై అధికారి మహిళ అయితే ‘ఆర్యా’కి బదులు ‘మేడమ్’ అనండి.

6. మంజూరు అయిందా లేదా

“సరే” అని నోటితో అన్నారు, మీరు నిశ్చింతగా ఉన్నారు. నెలాఖరున జీతంలో ఒక రోజు కోత కనిపిస్తుంది. ఎందుకంటే హెచ్‌ఆర్ చూసేది పోర్టల్‌ని, మీ మేనేజర్ మాటని కాదు. నోటి మాట తర్వాత అదే రోజు పోర్టల్‌లో పెట్టండి. కారణం గడిలో ‘పాప స్కూల్ అడ్మిషన్’ అంటే చాలు. రెండు రోజుల్లో అక్కడ పెండింగ్ అని కనబడుతుంటే, “సర్, 18 సెలవు పోర్టల్‌లో మీ దగ్గర ఉంది, వీలు చూసుకుని ఒకసారి చూడగలరు” అని గుర్తు చేయండి. మేము కావాలని ఆపం, ఎక్కువసార్లు మర్చిపోతాం.

కాదంటే? ముందు ఎందుకో అడగండి. పూర్తి రోజు కుదరదంటే పూట అడగండి. ఆ తేదీయే కుదరదంటే స్కూలుకి మళ్లీ ఫోన్ చేసి తేదీ మార్చమనండి. స్కూలు మార్చనంటే ఆ సంగతి మేనేజర్‌కి చెప్పి, “మీరే ఒక దారి చెప్పండి సర్” అనండి. దారి తనే చెప్పాల్సి వచ్చినప్పుడు చాలామంది మెత్తబడతారు. నేనూ అంతే. అప్పటికీ కాదంటే పూటకి జీతం కోత మీద అడగడం ఒక్కటే మిగులుతుంది. చెప్పకుండా ఎగ్గొట్టడం మాత్రం వద్దు. అనుమతి లేకుండా రాని రోజు వేరే లెక్కలోకి పోతుంది, దాని మీద మెమో రావచ్చు.

కొన్ని స్కూళ్లు సాయంత్రం ఆరింటికి మెసేజ్ పంపి రేపు పొద్దున రమ్మంటాయి. అప్పుడు మెయిల్ వద్దు, ఫోన్ చేయండి. రాత్రి తొమ్మిది దాటకముందే చేయండి. “సర్, ఇప్పుడే స్కూలు నుంచి మెసేజ్ వచ్చింది, రేపు పదింటికి ఇద్దరం రావాలట. రేపటి నా పనిలో తప్పనిసరి అయింది ఒక్కటే ఉంది, అది రాత్రికే ముగించి పంపిస్తాను” అనండి. తర్వాత ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ పంపండి. మామూలుగా స్క్రీన్‌షాట్ అక్కర్లేదు కానీ, రాత్రికి రాత్రి అడిగేటప్పుడు మీరు ముందే తెలిసి దాచలేదని అది చూపిస్తుంది.

7. ముందు రోజు, ఆ రోజు, మర్నాడు

ముందు రోజు సాయంత్రం బయల్దేరే ముందు చెప్పిన పని అప్పగించి, “రేపు సెలవు” అని పక్కవాళ్లకి గుర్తు చేయండి. మెయిల్‌కి ఆటోమేటిక్ జవాబు పెట్టేటప్పుడు అందులో కారణం రాయకండి. ‘18న సెలవులో ఉన్నాను, 19న జవాబిస్తాను’ చాలు. అది కస్టమర్లకీ వెళ్తుంది.

ఆ రోజు ఫోన్ సైలెంట్‌లో పెట్టి లోపలికి వెళ్లండి. మా వాడి పాప లోపల అడిగినవాటికి ఒక్కదానికీ జవాబు చెప్పలేదట, టేబుల్ మీదున్న ప్లాస్టిక్ ఏనుగుని మాత్రం వదలనందట. పంతొమ్మిది పొద్దున తొమ్మిదికే వచ్చి, 3బి ముందు కూర్చుని ఇది చెప్పాడు. సీటు సంగతి నేను అడగలేదు. వారం తర్వాత అతనే వచ్చి, “ఫీజు ఆన్‌లైన్‌లోనే కట్టొచ్చట సర్, సెలవు అక్కర్లేదు” అన్నాడు.